ఒకే డబ్బా... రెండు రంగులు!

ఆదోనిలో మా పిన్ని ఒకే డబ్బా లేత క్రీము రంగును రెండు గదులకూ వేయించింది. ఉత్తరం కిటికీ ఉన్న పడగ్గదిలో అది బూడిదలా పాలిపోయింది. పడమటి హాల్లో పొద్దున బాగానే ఉన్నా, సాయంత్రం ఐదింటికి పసుపు కలిపినట్లుంది. పెయింటరుతో గొడవ! పాపం, అతని తప్పేం లేదు. ఉత్తరం నుంచి వచ్చేది ఎండ కాదు, ఆకాశపు నీలి వెలుగు. పడమట వాలే పొద్దుది ఎర్రటి వెలుగు. పడగ్గదికి కాస్త ఎరుపు ఛాయ ఉన్న క్రీము, హాలుకు నీలం ఛాయ తెలుపు ఎంచుకోవాల్సింది.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు మే నుంచి ఆగస్టు తొలివారం దాకా సూర్యుడు ఉత్తరానికి ఒరిగి, ఆ కిటికీలోకీ కొంత ఎండ తొంగిచూస్తుంది. ఆ నెలల్లో చూసి మాత్రమే నిర్ణయించకండి. రెండడుగుల అట్టకు రెండుసార్లు రంగు పూసి, ఆరాక ఆ గది గోడకే ఆనించి పొద్దున, సాయంత్రం, ట్యూబులైటు కింద కూడా చూడండి.