మేడమీది కాకులకు ఉండేలు ఎందుకు?

పోయిన నెల మన హాస్టల్ మేడమీద మెస్ అక్క రెండు పడుల బియ్యంతో పెట్టిన వడియాలు ఒక్క పూటలో కాకుల పాలయ్యాయి. పాపం, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి ఉడికించింది. ఆ సాయంత్రం మెస్‌లో రెండు సలహాలు వినిపించాయి. వాచ్‌మన్ చేతికి ఉండేలు ఇవ్వాలని ఒకటి, చచ్చిన కాకినొకదాన్ని కొయ్యకు వేలాడదీయాలని ఇంకొకటి. రెండూ నాకు నచ్చలేదు. ఊరికే నచ్చలేదంటే ఎవరు వింటారు? అందుకే రెండు వారాలు మేడమీద నోట్‌బుక్ పెట్టుకొని కూర్చున్నాను.

మొదటి రోజే ఒక సంగతి తెలిసింది. కాకులు వడియాల కోసం రావడం లేదు. మెస్ వెనక ఉన్న చెత్త డ్రమ్ము కోసం వస్తున్నాయి. మధ్యాహ్నం రెండింటికి మిగిలిన అన్నం, సాంబారు ముక్కలు అందులో పడతాయి. కార్పొరేషన్ బండి వచ్చేది మర్నాడు పొద్దున ఏడింటికి. అంటే పదిహేడు గంటలు మూత లేని విందు! ముక్క దొరికిన కాకి దాన్ని మేడ పిట్టగోడ మీదికి తెచ్చుకొని తింటుంది. ఎండిన చపాతీ అయితే నీళ్లలో నానబెట్టుకుంటుంది. మన వాటర్ ట్యాంకు పక్కన తేలిన రొట్టె ముక్కల రహస్యం అదీ. మిగిలింది పూలకుండీల్లో దాచిపెడుతుంది. ఇంత కాపురం పెట్టుకున్న చోట మనం వడియాలు ఆరబోస్తే అవి ఊరుకుంటాయా?

మా అవ్వ చెప్పిన ఉపాయాలూ చేసి చూశాం. నల్ల గొడుగు విప్పి పెడితే రెండు రోజులు దూరంగా కూర్చుని అరిచాయి. మూడో రోజు ఒకటి గొడుగు మీదే వాలింది. కదలని వస్తువు తమను ఏమీ చేయదని వాటికి తొందరగానే తెలిసిపోతుంది. మా రూమ్మేటు కారప్పొడి చల్లింది. మిరపలో మనకు మంట పుట్టించే పదార్థం పక్షుల నోటికి మంటగా తెలియదు. మజ్జిగ మిరపకాయలను కూడా అవి హాయిగా ఎత్తుకుపోయేది అందుకే. ఆ పొడి గాలికి లేచి మన కళ్లలోనే పడింది.

ఇక ఉండేలు సంగతి. అమెరికాలోని సియాటిల్‌లో 2006లో విశ్వవిద్యాలయం వాళ్లు ఒక మాస్కు తగిలించుకొని కొన్ని కాకులను పట్టి, గుర్తులు వేసి వదిలేశారు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా ఆ మాస్కు కనబడితే చాలు, కాకులు వెంటపడి అరిచేవి. అక్కడి జాతి వేరే, నిజమే. కానీ మన ఊరి కాకి మతిమరుపుదని ఎవరైనా అంటారా? రాయి తగిలితే దెబ్బతినేది ఒక కాకి, అరుపులు మాత్రం గుంపు మొత్తానివి. ఉండేలు పట్టిన వాచ్‌మన్‌కే రోజూ చీవాట్లు తప్పవు.

వార్డెన్ మేడమ్‌ని అడిగి ఎనిమిదో రోజున డ్రమ్ముకు బిగువుగా కూర్చునే మూత పెట్టించాం. పైన ఇటుక ఎందుకంటే, తేలిక మూతను అంచు పట్టి లేపడం వాటికి చేతనవును. ముందు రెండు రోజులు కాకులు తగ్గలేదు సరికదా, పెరిగాయి. మూత చుట్టూ తిరిగి పొడిచాయి, ఒకసారి ఇరవై మూడు లెక్కపెట్టాను. ఇక్కడే చాలామంది ‘లాభం లేదు’ అని వదిలేస్తారు. వదిలేయకూడదు. పద్నాలుగో రోజుకి పిట్టగోడ మీద నాలుగే మిగిలాయి.

వడియాలకు వేరే ఏర్పాటు కావాలి. పాత నులకమంచం చట్రాన్ని నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, దానికి కిటికీకి కొట్టే దోమల మెష్ బిగువుగా లాగి కట్టాం. వడియాలు కింద పరిచిన గుడ్డ మీద ఉంటాయి, పక్కలకు కూడా మెష్ దించి ఇటుకలు పెట్టాం. వడియానికీ మెష్‌కీ మధ్య జానెడు ఎడం ఉండాలి, లేకపోతే కాకి పైనుంచే పొడుస్తుంది. వదులుగా వేలాడే నైలాను వల, సన్నటి దారాలు మాత్రం వద్దు. వాటిలో కాళ్లు, రెక్కలు చిక్కుకుంటాయి, కాకివే కాదు, పిచ్చుకవీ మైనావీ కూడా.

శనివారం కాకికి అన్నం పెట్టేవాళ్లున్నారు. మానమని నేననను. ఒక గుప్పెడు చాలు. అది తినేదాకా ఉండి, మిగిలింది తీసి ఆ చోట కడిగేయండి. టిఫిన్ డబ్బా మొత్తం పిట్టగోడ మీద బోర్లించి క్లాసుకు పరిగెత్తే మన అలవాటు మాత్రం పుణ్యమని నేను ఒప్పుకోను.

ఇంకొకటి. లైబ్రరీ పక్క వేపచెట్టు మీద ఇప్పుడు గూడుంది. ఆ దారిన వెళ్తే తల మీద తన్నడం అందుకే. పిల్లలు ఎగిరేదాకా మూడు నాలుగు వారాలు పడుతుంది. గూడు కొట్టించమని అర్జీ పెడుతున్నారట, నేను సంతకం చేయను. అన్నాళ్లూ క్యాంటీన్ వైపు గేటు నుంచి వెళ్దాం. తప్పనిసరైతే గొడుగు వేసుకోండి, నల్లదైనా పర్వాలేదు.