గాలి మళ్లిన రాత్రి

అది 1996వ సంవత్సరం, నవంబరు 6వ తేదీ. కోనసీమను ముంచెత్తిన తుపాను ఆ సాయంత్రం ఇంకా సముద్రంలోనే ఉన్నది. కాకినాడకు ఉత్తరాన, సరుగుడు తోటల నడుమ ఒంటరిగా ఉన్న వాతావరణ కేంద్రంలో యువ పరిశీలకుడు ఒక్కడే విధి నిర్వహణలో ఉన్నాడు. విద్యుత్తు పోయింది, టెలిఫోను మూగబోయింది. విశాఖపట్నంలోని తుపాను హెచ్చరిక కేంద్రానికి కబురు పంపే దారి లేదు. అయినా గంటగంటకూ రీడింగు తీసి పుస్తకంలో వ్రాయవలసినదే. ప్రక్క గదిలో సమీపపు పల్లె నుండి వచ్చిన మత్స్యకారులు తలదాచుకున్నారు.

రాత్రి 8 గంటలయింది. లాంతరును దూరంగా ఉంచి, అతడు భారమితికి అమర్చిన ఉష్ణమాపకాన్ని ముందుగా చూశాడు. ఆలస్యమైతే మనిషి ఒంటి వేడికే అది పైకి ప్రాకుతుంది. పిదప పాదరసం వైపు చూడగా, గాలి విసురు కొట్టినప్పుడల్లా అది పైకీ క్రిందికీ ఊగుతున్నది. పలుమార్లు హెచ్చు తగ్గులు గమనించి, వాటి సగటు వ్రాశాడు. గంటలో 4 మిల్లీబార్లు పడిపోయింది.

కొంతసేపటికి గాలి హోరు చప్పున తగ్గింది. పెద్ద వయసు మత్స్యకారుడు తలుపు దగ్గరకు వచ్చాడు.

"గాలి తగ్గింది కదా బాబూ, ఇళ్లకెళ్లి వలలు చూసుకుంటాం."

అతడు టార్చి వేసి గాలిమరను చూశాడు. గాలి ఇంకా ఈశాన్యం నుండే వస్తున్నది. బారోగ్రాఫ్ కలం ఇంకా క్రిందికే గీస్తున్నది.

"వద్దు తాతా. గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను నడిబొడ్డు మన ఎడమచేతి వైపు ఉంటుంది. ఈశాన్యపు గాలికి ఎడమచేయి ఆగ్నేయాన్ని, అంటే సముద్రాన్ని చూపుతుంది. తుపాను ఇంకా రాలేదు."

వారు ఆగిపోయారు. అరగంట తిరగకముందే పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. 9 గంటలకు భారమితిని చదవగలిగాడు గాని, గాలి ఒత్తిడికి తలుపు తెరుచుకోలేదు. దిశ తూర్పే అయి ఉండవచ్చునని తోచినా, ఆ గడిని ఖాళీగా విడిచాడు.

10 గంటలకు కలం పైకి తిరిగింది. 11 గంటలకు గాలి ఆగ్నేయం నుండి వీస్తున్నది. ఇప్పుడు ఎడమచేయి నైరుతిని చూపుతుంది. తుపాను నేలమీదికి వెళ్లిపోయింది.

"గండం దాటింది తాతా. కాని తెల్లవారే దాకా ఎవరూ కదలవద్దు. తీగలు, చెట్లు పడి ఉంటాయి."

టెలిఫోను తిరిగి పలికిన నాడు అతడు అంకెలన్నీ వరుసగా చదివాడు.

"9 గంటల గాలి దిశ?" అని అవతలి గొంతు అడిగింది.

"చూడలేదండీ."