లేని పన్నుకు ముందే కోత

2025 బడ్జెట్‌లో సీనియర్ సిటిజన్ల డిపాజిట్ వడ్డీపై టీడీఎస్ పరిమితిని 50 వేల నుంచి లక్ష రూపాయలకు పెంచారు. మంచిదే. అయితే అదే బడ్జెట్ కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవారికి రిబేటు ఇచ్చి పన్ను లేకుండా చేసింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పన్ను మొదలయ్యేది 12 లక్షలు దాటాక. కోత మొదలయ్యేది ఒక బ్యాంకులో వడ్డీ లక్ష దాటగానే. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లు, తాము బాకీ లేని సొమ్మును ముందు ప్రభుత్వానికి వదులుకుని, తర్వాత రిటర్ను వేసి అడిగి తెచ్చుకోవాలి. పరిమితిని ఇంకో యాభై వేలు పెంచినా ఈ వ్యవహారం మారదు. మార్చాల్సింది ఫారం 15హెచ్ పద్ధతిని.

పెన్షన్ లేని ప్రైవేటు ఉద్యోగం నుంచి రిటైరైన అరవై అయిదేళ్ల వ్యక్తి లెక్క చూద్దాం. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ కింద గరిష్ఠ పరిమితి అయిన 30 లక్షలు వేశారు. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500, ఏడాదికి 2,46,000 వస్తుంది. ఇంకో 20 లక్షలు బ్యాంకులో 7 శాతానికి ఎఫ్‌డీ, అది 1,40,000. మొత్తం 3,86,000. కొత్త విధానంలో 4 లక్షల లోపు ఆదాయం పన్ను లెక్కలోకే రాదు. రిబేటు దాకా వెళ్లే పని కూడా లేదు. కానీ రెండుచోట్లా వడ్డీ లక్ష దాటింది. దాటిన భాగానికే కాదు, మొత్తం వడ్డీకీ 10 శాతం కోత పడుతుంది. పోస్టాఫీసులో 24,600, బ్యాంకులో 14,000, కలిపి 38,600. ఆయన నెల ఆదాయం 32 వేల చిల్లర. అంటే ఒక నెల ఇంటి ఖర్చుకు మించిన డబ్బు. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం.

దీనికి విరుగుడు 15హెచ్. అరవై దాటినవారు తమ మొత్తం ఆదాయంపై పన్ను సున్నా అని రాసిస్తే కోయరు. రిబేటు వల్ల పన్ను సున్నా అయ్యేవాళ్లు కూడా ఇవ్వవచ్చు. చిక్కల్లా ఎక్కడంటే, ఇది ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, ప్రతి బ్యాంకుకూ పోస్టాఫీసుకూ వేరువేరుగా ఇవ్వాలి. ఏప్రిల్‌లో మరిచిపోయి ఆగస్టులో ఇస్తే, జూన్ త్రైమాసికంలో కోసినది బ్యాంకు తిరిగివ్వదు. అది అప్పటికే పాన్ పేరిట ప్రభుత్వ ఖాతాలో జమైపోయి ఉంటుంది.

"రిఫండ్ వస్తుంది కదా, పోయిందేముంది?" అనేవారున్నారు. మన ఉదాహరణలో 2025 జూన్ త్రైమాసికంలో పోస్టాఫీసు కోసిన 6,150 రూపాయల కోసం 2026లో రిటర్ను వేయాలి. గడువులోగా వేస్తే ప్రభుత్వం నెలకు అర శాతం వడ్డీ ఇస్తుంది, కానీ 2026 ఏప్రిల్ నుంచే. అంతకుముందు తొమ్మిది నెలలు ఆ డబ్బు వడ్డీ లేని అప్పు. వడ్డీ మీదే బతికే మనిషి నుంచి వడ్డీ లేకుండా తీసుకున్న అప్పు! పైగా రిటర్ను వేయించడానికి ఇచ్చే ఫీజు ఆయన జేబులోంచే.

డెబ్బై అయిదేళ్లు నిండితే రిటర్నే అక్కర్లేదన్న వెసులుబాటు ఒకటుంది. అయితే పెన్షనూ వడ్డీ ఒకే నిర్దేశిత బ్యాంకులోనే రావాలి, వేరే ఆదాయం ఉండకూడదు. పెన్షనే లేని మన ఉదాహరణలోని వ్యక్తికి ఇది వర్తించదు. వడ్డీ తప్ప ఆధారం లేనివారినే ఈ వెసులుబాటు వదిలేసింది.

గట్టి అభ్యంతరం ఒకటుంది. బ్యాంకుకు ఖాతాదారు మిగతా ఆదాయం తెలియదు. కోత ఆపేస్తే బాగా డబ్బున్నవారు వడ్డీని దాచేస్తారు అని. మొదటి మాట నిజం. రెండోది ఇప్పుడు పాతబడింది. టీడీఎస్ కోసినా కోయకపోయినా బ్యాంకులు వడ్డీ వివరాలను పాన్ వారీగా ఆదాయపు పన్ను శాఖకు పంపుతున్నాయి. అవి వార్షిక సమాచార నివేదికలో కనిపిస్తున్నాయి. ఆనవాలు పట్టించేది ఈ వివరాలే. 15హెచ్‌లో అబద్ధం రాస్తే ప్రాసిక్యూషన్‌కు వీలు కల్పించే సెక్షనూ చట్టంలో ఉంది. కాబట్టి ఒకసారి ఇచ్చిన 15హెచ్‌ను ఖాతాదారు వెనక్కి తీసుకునేదాకా, లేదా ఆదాయం పరిమితి దాటిందని శాఖ బ్యాంకుకు చెప్పేదాకా చెల్లనివ్వాలి. ఒక్కచోట ఇస్తే పాన్ ద్వారా అన్ని బ్యాంకులకూ వర్తించేలా చేయాలి. ఇందులో ఖజానాకు పోయేదేమీ లేదు, ఎందుకంటే ఆ డబ్బు దానిది కాదు.

అది జరిగేదాకా, ఇంట్లో పెద్దవాళ్ల డిపాజిట్లు చూసుకునే పిల్లలకు ఒక విన్నపం. ఏప్రిల్ మొదటి వారంలో ఈ డిక్లరేషన్‌ను ప్రతిచోటా ఇప్పించి, అందినట్టు రసీదు తీసుకోండి.