రోజా, షుగర్ మాత్ర, చాట్‌బాట్: జవాబు ఎక్కడ ఆగాలి?

షుగర్ ఉన్నవాళ్లు రోజా ఉండొచ్చా? పొద్దున వేసుకునే మాత్రను ఏ టైముకి మార్చుకోవాలి? రంజాన్ దగ్గర పడుతుంటే గన్నవరం, విజయవాడ చుట్టుపక్కల ముస్లిం ఇళ్లలో ఈ రెండు ప్రశ్నలు ఏటా వస్తాయి. ఒకప్పుడు డాక్టర్‌నో, మెడికల్ షాపులోనో, మసీదులో ఇమామ్ సాబ్‌నో అడిగేవారు. ఇప్పుడు ఫోన్‌లో చాట్‌బాట్‌ను అడిగేవాళ్లూ ఉన్నారు. జవాబు క్షణాల్లో, తెలుగులోనే వస్తుంది. చాలాసార్లు దాని చివర ఒక వాక్యం కనిపిస్తుంది: ‘ఇది సమాచారం కోసం మాత్రమే. వైద్యుడిని సంప్రదించండి.’

ఆ వాక్యం ఎవరిని కాపాడుతోంది అన్నదే అసలు ప్రశ్న. కంపెనీకి అది కవచం. రోజాలో ఉన్న షుగర్ పేషెంట్‌కు మాత్రం అది దాదాపు ఏమీ చెప్పదు. డాక్టర్‌ను ఏం అడగాలో చెప్పదు, ఎప్పటిలోగా వెళ్లాలో చెప్పదు, ఏం కనిపిస్తే ఆగకుండా పరుగెత్తాలో చెప్పదు.

అందరికీ ఒకటే జవాబు, ఒక్కరికే చెందిన జవాబు

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలు మొదలుపెట్టాక, ఫోన్‌లో అడిగి పని చేయించుకోవడం చాలామందికి అలవాటైంది. సర్టిఫికెట్‌కు ఏ కాగితాలు కావాలి అంటే, ఎవరు అడిగినా జవాబు ఒకటే. మందుల సంగతి అలా కాదు. గీత సరిగ్గా ఇక్కడే ఉంది. అడిగినవాళ్లు ఎవరైనా మారని జవాబు ఆరోగ్య విద్య. ఎవరి ఒంటిని బట్టి వాళ్లకు మారే జవాబు వైద్యం.

రోజా విషయంలోనే చూద్దాం. రక్తంలో షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలి. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య రంజాన్ కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్న నియమం ఇది. నిడమానూరులో ఉన్నవాళ్లకైనా దుబాయ్‌లో ఉన్నవాళ్లకైనా మారదు. చాట్‌బాట్ దీన్ని నీళ్లు నమలకుండా చెప్పాలి. కానీ ‘మా అమ్మీ సహరీలో మాత్ర సగం వేసుకోవాలా, పూర్తిగా మానేయాలా’ అన్నది వేరే ప్రశ్న. దానికి అమ్మీ ఎవరో తెలియాలి.

మన దేశంలో ఈ గీతకు అధికారిక ఆధారం ఉంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ ప్రాక్టీస్ గైడ్‌లైన్స్ ప్రకారం, కృత్రిమ మేధతో నడిచే వేదికలు రోగికి వైద్య సలహా ఇవ్వకూడదు, మందులు రాయకూడదు. ఆ పని రిజిస్టర్డ్ డాక్టర్ నేరుగా చేయాలి. యంత్రం డాక్టర్‌కు సాయపడొచ్చు, అంతవరకే.

ఒక ఉదాహరణ: పొద్దున మాత్ర, సాయంత్రం వణుకు

గన్నవరంలో 58 ఏళ్ల ఒక తల్లి ఉన్నారనుకుందాం. పన్నెండేళ్లుగా షుగర్. రెండు మందులు కలిసిన మాత్ర ఒకటి రోజూ పొద్దున వేసుకుంటారు. ‘అమ్మీకి షుగర్ ఉంది, మాత్ర వాడుతోంది, రోజా ఉండొచ్చా’ అని కొడుకు చాట్‌బాట్‌లో టైప్ చేస్తాడు. పొద్దున మాత్రను సహరీకి మార్చుకుని, నీళ్లు బాగా తాగి రోజా ఉండొచ్చని జవాబు వస్తుంది. చదవడానికి బాగానే ఉంటుంది.

కానీ ఆ జవాబుకు తెలియనివి మూడున్నాయి. మొదటిది, ఆ మాత్రలో ఏముంది అన్నది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. దానితో గ్లిమెపిరైడ్ కలిసి ఉంటే కథ మారుతుంది. గ్లిమెపిరైడ్ కడుపులో తిండి ఉన్నా లేకున్నా ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. అందుకే రోజుకు ఒకసారి వేసుకునే ఇలాంటి మందును సహరీకి కాకుండా ఇఫ్తార్‌కు మార్చాలని మార్గదర్శకాలు సాధారణంగా చెబుతాయి. ఇంట్లో వాళ్లకు బ్రాండ్ పేరే తెలుస్తుంది, లోపలి మందుల పేర్లు స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి.

రెండోది, కిడ్నీల పరిస్థితి. కిడ్నీ పనితీరు తగ్గితే ఇలాంటి మందుల ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలవచ్చు. మూడోది, గత కొన్ని నెలల్లో షుగర్ ఎప్పుడైనా పడిపోయిందా అన్నది. ఒకసారి పడినవాళ్లకు మళ్లీ పడే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు అస్ర్ నమాజు వేళకు ఆమెకు చెమటలు, వణుకు, గుండె దడ మొదలయ్యాయి. ఇఫ్తార్‌కు ఇంకా రెండు గంటలుంది. మీటర్‌లో 64 చూపించింది. ఇక్కడ చేయాల్సింది అందరికీ ఒకటే. ఇఫ్తార్ దాకా ఆగకూడదు. రోజా వెంటనే విరమించి మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. 70 దాటకపోతే మళ్లీ తాగాలి, దాటాక కాస్త తిండి తినాలి. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు కోలుకున్నాక కూడా షుగర్ మళ్లీ పడొచ్చు కాబట్టి ఆ రాత్రి ఒంటరిగా ఉంచకూడదు, అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

మరి మీటర్‌లో 140 చూపించి, చెమటలు మాత్రం ఆగకపోతే? అప్పుడది షుగర్ పడిపోవడం కాదు. షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా, చెమటలతో, ఆయాసంతో కూడా రావచ్చు. ‘రోజా నీరసం అయి ఉంటుంది’ అని ఫోన్‌లో తేల్చేయడం రోగ నిర్ధారణ చేసేయడమే. అది చాట్‌బాట్ పని కాదు. ఈ పరిస్థితిలో సరైన జవాబు ఒక్కటే, 108.

జ్ఞానం ఉన్నా జవాబు ఎందుకు తప్పుతుంది

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు బ్రిటన్‌లో సుమారు 1,300 మందితో చేసిన అధ్యయనం ఈ చిక్కును బాగా చూపించింది. రోగ వివరాలు మొత్తం నేరుగా ఇస్తే చాట్‌బాట్ మోడళ్లు జబ్బును దాదాపు 95 శాతం సార్లు గుర్తుపట్టాయి. అవే మోడళ్లతో మామూలు మనుషులు మాట్లాడి తేల్చుకోవాల్సి వస్తే, సరైన జబ్బు పట్టుకున్నది మూడో వంతు సందర్భాల్లోనే. వాళ్లలో చాలామంది కావాల్సిన వివరాలు పూర్తిగా చెప్పలేదు. ఏ వివరం ముఖ్యమో రోగికి తెలియకపోవడం సహజం. డాక్టర్ దాన్ని ప్రశ్నలు వేసి రాబడతారు.

మరోవైపు హెచ్చరికలే మాయమవుతున్నాయి. వైద్య ప్రశ్నలకు భాషా మోడళ్ల జవాబులను పోల్చిన ఒక అమెరికా అధ్యయనంలో, 2022లో నాలుగో వంతుకు పైగా జవాబుల్లో డిస్‌క్లెయిమర్ కనిపించింది. 2025కి వచ్చేసరికి అది ఒక శాతంలోపు పడిపోయింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా వైద్య పత్రికలో 60 ఏళ్ల వ్యక్తి కేసు ఒకటి వచ్చింది. ఉప్పు మానేయాలనుకున్న ఆయన చాట్‌జీపీటీని సంప్రదించాక, ఉప్పు బదులు సోడియం బ్రోమైడ్ మూడు నెలలు వాడారు. చివరికి బ్రోమైడ్ విషంతో, భ్రమలతో ఆసుపత్రి పాలయ్యారు.

పనికొచ్చే హెచ్చరిక ఎలా ఉంటుంది

పాత డిస్‌క్లెయిమర్‌ను ప్రతి జవాబు కింద మళ్లీ అతికిస్తే సరిపోదు. ప్రతిచోటా కనిపించే వాక్యాన్ని కన్ను దాటేస్తుంది. పనికొచ్చే హెచ్చరిక ఆ ప్రశ్నకే చెందినదై ఉండాలి, జవాబు చివర కాకుండా ముందే రావాలి. పై ఉదాహరణకు అది ఇలా ఉండొచ్చు:

‘మాత్రలో గ్లిమెపిరైడ్ ఉందో లేదో, కిడ్నీ పరీక్ష ఎలా ఉందో తెలియకుండా డోసు మార్పు చెప్పడం కుదరదు. స్ట్రిప్ మీద మందు పేరు చూడండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ ఉన్నా, ఇన్సులిన్ వాడుతున్నా డాక్టర్‌ను కలవకుండా రోజా మొదలుపెట్టొద్దు. వెళ్లేటప్పుడు స్ట్రిప్, క్రియాటినిన్ రిపోర్టు, హెచ్‌బీఏ1సీ రిపోర్టు తీసుకెళ్లండి. రోజాలో షుగర్ 70 కంటే తగ్గితే ఇఫ్తార్ దాకా ఆగొద్దు.’

ఇందులో నాలుగు విషయాలున్నాయి. జవాబుకు ఏం తెలియదు, ఎవరికి ప్రమాదం, డాక్టర్ దగ్గరికి ఏం తీసుకెళ్లాలి, ఏ అంకె చూస్తే ఆగకూడదు. ‘వైద్యుడిని సంప్రదించండి’ అన్న మాటలో ఈ నాలుగూ లేవు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. భయపడి ఏమీ చెప్పకుండా దాటేసే చాట్‌బాట్ కూడా నష్టమే చేస్తుంది. సాయంత్రం నాలుగింటికి 64 చూసి కంగారుపడుతున్న ఇంటికి ‘ఇది వైద్య ప్రశ్న, జవాబు ఇవ్వలేము’ అంటే, చక్కెర నీళ్లు ఇవ్వాల్సిన పదిహేను నిమిషాలు వృథా అవుతాయి. ప్రథమ చికిత్స అందరికీ ఒకటే కాబట్టి గీతకు ఇవతలే ఉంది, చెప్పి తీరాలి.

ఇంట్లో చేయదగ్గది

రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవాలన్నది మార్గదర్శకాల మాట. మన లెక్కలో అది రజబ్ నెల, షాబాన్ రాకముందే. విజయవాడ పెద్దాసుపత్రి కావచ్చు, గన్నవరం పక్కన చిన ఆవుటపల్లిలోని వైద్య కళాశాల ఆసుపత్రి కావచ్చు, ఇంట్లో వాళ్లు మామూలుగా చూపించుకునే డాక్టర్ కావచ్చు. వెళ్లలేనివాళ్లకు ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లోనే డాక్టర్‌తో మాట్లాడే వీలుంది.

ఆ కలయికకు సిద్ధం కావడానికి చాట్‌బాట్ పనికొస్తుంది. స్ట్రిప్ మీదున్న మందు ఏ రకానిది, డాక్టర్‌ను ఏమేం అడగాలి, హెచ్‌బీఏ1సీ అంటే ఏమిటి లాంటివి తెలుసుకోవచ్చు. డోసు మాత్రం డాక్టర్ చేతే రాయించుకోవాలి. డాక్టర్ వద్దంటే ఆ మాట ఇమామ్ సాబ్‌కు చెప్పి ఖజా, ఫిద్యా సంగతి అడగొచ్చు. రోగులకు రోజా విషయంలో సడలింపు ఖురాన్ సూరె బఖరాలోనే ఉంది. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోతుందన్న భయంతో మీటర్ పక్కన పెట్టేవాళ్లున్నారు. దానివల్ల రోజా పోదని ఉలమాలు విస్తృతంగా చెబుతున్నారు.

రంజాన్ మొదలయ్యే ముందు ఆ తల్లి మంచం దగ్గర మీటర్, చక్కెర డబ్బా, డాక్టర్ కొత్తగా రాసిచ్చిన డోసు చీటీ ఉండాలి. చాట్‌బాట్ జవాబు ఈ మూడింటి దాకా ఇంటివాళ్లను నడిపిస్తే దాని పని అది సరిగ్గా చేసినట్టే. ఆ చీటీ తానే రాయబోతే గీత దాటినట్టే.