ఆ సున్నా ఎవరు వేశారు?

"కామా ఉన్న చోటల్లా విడగొట్టు, మాటలకు 1 నుంచి 5 దాకా అంకెలు వెయ్యి, పివట్ టేబుల్ పెట్టు. పావుగంట పని!" సర్వే జవాబుల ఫైలు చేతికి రాగానే వినిపించే సలహా ఇది. పావుగంటలో అయిపోతుందన్నది నిజమే. అయితే ఆ పావుగంటలో జవాబులు చెప్పినవాళ్ల అభిప్రాయం తలకిందులు కావచ్చు. ఊహకు ఒక గ్రంథాలయ సర్వే తీసుకుందాం. 50 మంది జవాబిచ్చారు. వారిలో 40 మంది 30 ఏళ్లలోపు వాళ్లు, 10 మంది 60 దాటిన వాళ్లు.

మొదటి ప్రశ్న: ఏవేం చదువుతారు? ఎన్నయినా టిక్ పెట్టొచ్చు. గూగుల్ ఫారానికి జోడించిన షీటులో ఒక మనిషి టిక్ పెట్టినవన్నీ ఒకే గడిలో, మధ్యలో కామాలతో వచ్చి పడతాయి. ఐచ్ఛికాల్లో ఒకటి "కథలు, నవలలు". కామా దగ్గర కోసేసరికి అది రెండు ముక్కలై, ఎవరూ అడగని రెండు ప్రశ్నలు పుట్టుకొస్తాయి. గుర్తుపట్టడం కష్టం కాదు: రెండు నిలువు వరుసల్లోనూ అచ్చంగా ఒకే మొత్తం ఉంటుంది. కోయడం మానేసి COUNTIFలో "*పత్రికలు*" అని వెతికేవాళ్లూ ఉన్నారు. వాళ్ల లెక్కలోకి "పిల్లల పత్రికలు" కూడా చేరిపోతాయి.

ఫారం నుంచి నేరుగా CSV దించుకుంటే కామా బదులు సెమికోలన్ వస్తుందని సలహాదారులు అంటారు. ఒప్పుకుంటాను, వీలైతే అదే మేలు. కానీ చేతికొచ్చింది షీటే అయితే, కామా ఉన్న ఐచ్ఛికాన్ని ముందుగా మార్చి, ఆ తర్వాతే విడగొట్టాలి:

```python
s = df["చదివేవి"].str.replace(
    "కథలు, నవలలు", "కథలు-నవలలు", regex=False)
d = s.str.get_dummies(sep=", ")
d = d[s.notna()]
```

చివరి వరుసను చాలామంది వదిలేస్తారు. ప్రశ్ననే దాటవేసిన మనిషికి get_dummies అన్ని గడుల్లోనూ 0 పెడుతుంది. అంటే జవాబు చెప్పనివాడు "ఏదీ చదవను" అన్నట్టు లెక్కకొస్తాడు. విడగొట్టాక వచ్చిన నిలువు వరుసల పేర్లను అసలు ప్రశ్నాపత్రంతో పోల్చి చూడండి. అందులో లేని పేరు కనబడితే అది "ఇతరం" కింద ఎవరో సొంతంగా రాసినదైనా కావాలి, మన కోత తప్పైనా కావాలి.

అసలు దుర్మార్గం రేటింగుల దగ్గర జరుగుతుంది. రీడింగ్ రూమ్ ఎలా ఉందని అడిగితే "చాలా బాగుంది"కి 5, "బాగుంది"కి 4, ఇలా దిగుతూ 1 దాకా వస్తారు. మరి "ఎప్పుడూ వాడలేదు"కి? సలహాదారుల మాట: సున్నా. పెద్దవాళ్లలో 6గురు "బాగుంది" అన్నారు, 4గురు వాడలేదన్నారు అనుకోండి. సున్నా వేస్తే 24ను 10తో భాగించి సగటు 2.4 అంటాం. వాడనివాళ్లను పక్కన పెడితే 24ను 6తో భాగిస్తాం, సగటు 4.0. కుర్రవాళ్లందరూ వాడారు, వాళ్ల సగటు 3.5. మొదటి లెక్కలో పెద్దవాళ్లు విసిగిపోయారు, రెండో లెక్కలో వాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు! పోనీ మధ్యస్థంగా 3 వేద్దామంటే 3.6 వస్తుంది, అది ఎవరి అభిప్రాయమూ కాదు. వాడనివాళ్ల గడి ఖాళీగానే ఉండాలి, "10 మందిలో 4గురు వాడలేదు" అన్న మాట విడిగా రాయాలి. నిజానికి గ్రంథాలయానికి పనికొచ్చే సమాచారం అదే.

ఆ 4.0ను చూసి నేను మురిసిపోవడం లేదు. ఆరుగురిలో ఒక్కరు 4 బదులు 1 వేసినా సగటు 3.5కి దిగి కుర్రవాళ్లతో సమానమవుతుంది. సగటు పక్కన ఎంతమంది జవాబో రాయని పట్టికను నేను నమ్మను.

ఇక వయసులవారీ శాతాలు. పెద్దవాళ్లు తలా 3 చొప్పున 30 టిక్కులు పెట్టారు, 6గురు పత్రికలు చదువుతామన్నారు. కుర్రవాళ్లు తలా 2 చొప్పున 80 పెట్టారు, 20 మంది పత్రికలన్నారు. టిక్కుల్లో శాతం తీస్తే పెద్దలు 20, కుర్రవాళ్లు 25. మనుషుల్లో శాతం తీస్తే పెద్దలు 60, కుర్రవాళ్లు 50. పివట్‌లో టిక్కులను వరుసలుగా పరిచి శాతం నొక్కితే వచ్చేది మొదటిది. అది చూసి "పెద్దలకు పత్రికలపై ఆసక్తి తక్కువ" అని నివేదిక రాసేస్తారు. ఎక్కువ రకాలు చదవడమే వాళ్ల నేరమైంది. భాగించాల్సింది ఆ ప్రశ్నకు జవాబిచ్చిన మనుషుల సంఖ్యతో. అలా చేస్తే శాతాల మొత్తం 100 దాటుతుంది. దాటనివ్వండి, ఆ సంగతి పట్టిక కింద ఒక ముక్క రాయండి.

ఎవరైనా మీ ముందు ఇలాంటి పట్టిక పెడితే రెండే అడగండి: ఈ శాతం ఎంతమందిలో, వాడనివాళ్లకు ఏ అంకె వేశారు? జవాబు రాకపోతే ఆ పట్టికను వెనక్కి ఇచ్చేయండి.