ఫోనులో దొరికే కిడ్నీ వైద్యం: రాసిందెవరో అడగండి, అమ్మేదెవరో చూడండి

టెక్కలి, పలాస, ఉద్దానం ప్రజలకు విజ్ఞప్తి.

2019లో ‘కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్’ అనే వైద్య పత్రికలో ఉద్దానం సర్వే ఒకటి అచ్చయింది. పరీక్షించిన పెద్దవాళ్లలో నూటికి సుమారు 18 మందికి కిడ్నీ జబ్బు ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరులాంటి తెలిసిన కారణమేదీ దొరకలేదు. నేలనీటిలోని సిలికా, ఎండలో ఒళ్లు వంచి చేసే పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు... అనుమానాలు చాలా ఉన్నాయి, రుజువైంది మాత్రం ఒక్కటీ లేదు. డాక్టరు నిజాయితీగా ‘కారణం ఇంకా తెలియదు’ అంటాడు. ఫోనులోని పేజీ ‘కారణం మాకు తెలుసు, మందు కూడా ఉంది’ అంటుంది. భయంలో ఉన్న ఇల్లు రెండో మాటనే నమ్ముతుంది. అందుకే ఈ కరపత్రం.

మన కొబ్బరితోటల సంగతే చూద్దాం. ‘కొబ్బరినీళ్లు కిడ్నీలను కడిగేస్తాయి, రోజూ రెండు బొండాలు తాగండి’ అనే పేజీలు తెలుగులోనే బోలెడున్నాయి. హైదరాబాదులో పని చేసే కొడుకు అది చూసి, ‘నాన్నా, మన చెట్టు బొండాలే కదా, తాగు’ అని పంపుతాడు. ప్రేమతోనే పంపుతాడు. పేజీ అడుగున ‘పరిశోధనల్లో రుజువైంది’ అని ఉంటుంది. ఏ పరిశోధన? ఇలాంటి పేజీలకు ఆధారమయ్యే పరిశోధన ఒకటి 2013లో బ్రెజిల్ యూరాలజీ పత్రికలో వచ్చింది. అది ఎలుకల మీద చేసింది. వాటికి ఇథిలిన్ గ్లైకాల్ పట్టించి కిడ్నీల్లో రాళ్ల స్ఫటికాలు పుట్టించారు. కొబ్బరినీళ్లు తాగించిన ఎలుకల్లో ఆ స్ఫటికాలు తక్కువగా ఏర్పడ్డాయి. చెప్పిందంతే. అది రాళ్ల గురించిన మాట, అందులోనూ ఎలుకల్లో రాళ్ల గురించి. ఉద్దానంలో ఉన్నది రాళ్ల జబ్బు కాదు. మెల్లమెల్లగా కిడ్నీ వడపోత శక్తే పోయే జబ్బు.

తేడా ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో చూడండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, 100 మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాములు. ఒక బొండంలో 300 మిల్లీలీటర్లు ఉన్నాయనుకుంటే, రెండు బొండాలకు 1500 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుడి కిడ్నీ దాన్ని మూత్రంలో పంపేస్తుంది. చివరి దశకు చేరిన కిడ్నీ పంపలేదు. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. 6 దాటితే కాళ్లు చేతులు పట్టు తప్పవచ్చు, గుండె లయ చెడవచ్చు, ఏ లక్షణమూ కనిపించకుండానే గుండె ఆగిపోవచ్చు. జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లందరికీ పొటాషియం తగ్గించాలన్న కట్టడి అవసరం లేదు. ఎవరికి ఎంతన్నది రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. కానీ పేజీ మాత్రం రోగి ఏ దశలో ఉన్నాడని అడగదు, అందరికీ ఒకే మాట చెబుతుంది. కాబట్టి ‘పరిశోధన’ అనే మాట కనబడితే అక్కడ ఆగకండి. మనుషుల మీద చేసిందా, మన జబ్బు ఉన్నవాళ్ల మీద చేసిందా అని చూడండి. లింకే లేకపోతే ఆధారం చూపలేదనే లెక్క.

రాసిందెవరో కూడా చూడాలి. ‘డాక్టరు’ అన్న ఒక్క మాట చాలదు. మన దేశంలో ఎంబీబీఎస్ చదివిన వైద్యుడి పేరు రిజిస్టరులో ఉంటుంది. nmc.org.in లో భారత వైద్య రిజిస్టరు తెరిచి పేరు కొట్టి చూడవచ్చు. కిడ్నీ స్పెషలిస్టు అంటే డీఎం గానీ, డీఎన్‌బీ గానీ నెఫ్రాలజీలో చేసి ఉండాలి. ‘మా వైద్య బృందం’ అని రాసి ఒక్క పేరూ చెప్పని పేజీ, తప్పు జరిగితే జవాబు చెప్పే మనిషి లేని పేజీ. ముద్రలను చూసి కూడా మోసపోకండి. జెనీవాలోని హెల్త్ ఆన్ ద నెట్ అనే సంస్థ ఆరోగ్య సైట్లను పరిశీలించి ‘హాన్‌కోడ్’ ముద్ర ఇచ్చేది. 2022లో ఆ పని ఆపేసింది. ఇప్పుడు ఎక్కడైనా ఆ ముద్ర కనిపిస్తే, దాని వెనక నేడు పరిశీలించేవారెవరూ లేరు.

తేదీ విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన ప్రాంతానికి దాని వల్ల నేరుగా నష్టం ఉంది. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. అంతకుముందు రాసిన పేజీ ఉద్దానం రోగిని విశాఖ వెళ్లమంటుంది. డయాబెటిస్ కోసం వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు, షుగరు లేని కిడ్నీ రోగుల్లో చాలామందికి కూడా మేలు చేస్తుందని పెద్ద పరిశోధన చెప్పింది 2020లో. అంతకుముందటి పేజీలో ఆ మాటే ఉండదు. పేజీ అడుగున తనంతట తానే మారిపోయే సంవత్సరాన్ని లెక్కలోకి తీసుకోకండి. ‘ఫలానా రోజున సవరించాం’ అని వ్యాసం పక్కన ఉందా, లోపలి సంగతులు ఆ తేదీకి తగ్గట్టున్నాయా అన్నదే లెక్క.

ఇక డబ్బు. ‘క్రియాటినిన్ 7 నుంచి 4కి దిగింది, 40 రోజుల్లో’ అంటూ రెండు ల్యాబ్ కాగితాలు పక్కపక్కన పెట్టి, కింద వాట్సాప్ నంబరు, పొడి ధర పెడతారు. కాగితాలు నిజమైనవే కావచ్చు. అయినా పొడి పనిచేసిందని అవి చెప్పవు. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. అన్నం సయించక రోగి చిక్కిపోతే అదే తగ్గుతుంది. మాంసం మానేస్తే కొంత తగ్గుతుంది. వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరు పోయి ఒక్కసారిగా పెరిగిన సంఖ్య, సెలైన్ ఎక్కాక దానంతటదే దిగవచ్చు. డయాలసిస్ అయిన వెంటనే తీసిన రక్తంలో సగానికి పైగా పడిపోయి, మళ్లీ పెరుగుతుంది. కాబట్టి మొదటి కాగితం డయాలసిస్‌కు ముందుదా, రెండోది తర్వాతదా? రోగి బరువెంత తగ్గాడు? పొడి అమ్మేవాడు ఈ ప్రశ్నలకు జవాబివ్వడు. ‘మూలికే కదా’ అని సరిపెట్టుకోకండి. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడేందుకు చైనా మూలికల మందు వాడిన ఎందరో ఆడవాళ్ల కిడ్నీలు చెడిపోయాయి. అరిస్టోలోకియా జాతి మొక్క అందులో కలవడమే కారణమని తేలింది. మన ఈశ్వరి వేరు మొక్క కూడా ఆ జాతిదే. పొడిలో ఏముందో పూర్తిగా రాయని డబ్బాను ఇంట్లోకి రానివ్వకండి.

డిగ్రీ ఉన్న డాక్టరైనా, ఆసుపత్రి సైటైనా, ఇదే పరీక్ష పెట్టండి: ఈ మాట నేను నమ్మితే ఎవరికి సొమ్ము వస్తుంది? సొమ్ము వచ్చినంత మాత్రాన మాట అబద్ధం కాదు. అలాంటప్పుడు అమ్మకంతో సంబంధం లేని మరో డాక్టరును అడగాలి.

అయితే చదువు రాని ముసలమ్మ ఇదంతా ఎలా చూస్తుంది? అందుకే ప్రభుత్వాన్ని రెండు కోరుతున్నాం. మొదటిది, టెక్కలి, పలాస, సోంపేట, కవిటిలో డయాలసిస్ జరిగే చోట్ల, వారానికి ఒక గంట, రోగులు ఫోనులో వచ్చిన పేజీని తెచ్చి నర్సుకో డాక్టరుకో చూపించుకునే ఏర్పాటు చేయాలి. పొటాషియం ఎక్కువ ఉన్న మన ఊరి తిండ్లు, కొబ్బరినీళ్లతో సహా, అక్కడే తెలుగులో పెద్ద అక్షరాల బోర్డు మీద రాయించాలి. రెండోది, మందుల, మాయచికిత్సల ప్రకటనల చట్టం 1954 నుంచి ఉంది. దాని జాబితాలో కిడ్నీ వాపు జబ్బు ‘బ్రైట్స్ డిసీజ్’ అనే పాత పేరుతో ఉంది. జాబితాలోని జబ్బులను నయం చేస్తామని ప్రకటిస్తే మొదటి నేరానికే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఈ ప్రకటనలపై కేసులు పెట్టాలి.

మీరు చేయవలసింది: అలాంటి ప్రకటన కనిపిస్తే పేజీ చిరునామా, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. సోమవారం గ్రీవెన్సులో అర్జీతో పాటు ఇవ్వండి. డాక్టరు రాసిన మందు ఏదైనా పేజీ చూసి ఆపేసి ఉంటే, ఈ రోజే ఆసుపత్రికి వెళ్లి ఆ సంగతి చెప్పండి.