అమ్మమ్మ కాసులపేరు మీద పన్ను న్యాయమేనా?

మా పక్క వాటాలో ఉండే టీచరమ్మ రిటైరై ఆరేళ్లయింది. నెలకు 40,000 పెన్షను. నిరుడు జూన్‌లో భర్త మోకాళ్ల ఆపరేషన్ కోసం తన కాసులపేరు అమ్మేసింది. పన్ను లెక్క చూపించుకోవడానికి చిన్ననాటి స్నేహితురాలిని పిలిపించింది. ఆవిడ గుంటూరులో రిటర్నులు వేస్తుంది, చుట్టాలంతా ఆడిటరమ్మ అంటారు. కాఫీ చల్లారిపోయేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. ఆ సొమ్ము మీద వచ్చిన లాభానికి పన్ను వేయడం ధర్మమా, కాదా అన్నదే తగవు. మధ్యలో కూర్చున్న నాకు ఇద్దరి మాటల్లోనూ సత్యం కనిపించింది, కానీ సమానంగా కాదు.

"పది సవర్ల నగ," అంది టీచరమ్మ. "మా అమ్మమ్మది. అమ్మకొచ్చింది, 1984లో నా పెళ్లికి అమ్మ నా మెళ్లో వేసింది. నేను దాన్ని లాభం కోసం కొన్నానా? అసలు కొననేలేదే! మరి లాభమెక్కడిది?"

"చట్టం నిన్ను అడిగేది అది కాదు," అంది ఆడిటరమ్మ. "నగ బహుమతిగా వచ్చినా, వారసత్వంగా వచ్చినా, మొదట డబ్బు పెట్టి కొన్నవాళ్లకు ఎంత పడిందో అదే నీకూ పడినట్టు లెక్క. 2001 ఏప్రిల్ 1కి ముందుదైతే ఆ రోజు విలువనే కొన్న ధరగా తీసుకోవచ్చు. మీ అమ్మమ్మ కాలపు రసీదు కోసం వెతకనక్కర్లేదు. ఆ రోజు విలువ ఇంత అని గుర్తింపున్న వాల్యుయరు సర్టిఫికెట్టు ఇస్తే చాలు. నిజానికి అది నీకు మేలే. మీ అమ్మమ్మ కొన్న ధర ఏ లెక్కకూ ఆనదు."

కాగితం తీసి లెక్క వేసింది. కాటాలో నగ 80 గ్రాములు తూగింది. టంకం, మట్టి, మెషీన్‌లో తేలిన నాణ్యత తీసేసి దుకాణం వాళ్లు 75 గ్రాములకు ధర కట్టారు. 22 క్యారెట్లు గ్రాము 9,000 చొప్పున 6,75,000 బ్యాంకులో పడింది. 2001 నాటికి గ్రాము సుమారు 400 వేసుకుంటే 75 గ్రాములకు 30,000. మిగిలింది 6,45,000. దాని మీద పన్నెండున్నర శాతం 80,625, పైన 4 శాతం సెస్సు 3,225. మొత్తం 83,850.

"ఎనభై మూడు వేలా! నా రెండు నెలల పెన్షనే!" అంది టీచరమ్మ. "2024 బడ్జెట్‌లో ద్రవ్యోల్బణం తగ్గింపు ఎత్తేశారన్నారు, అందుకేనా ఇంత?"

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. 2024 జూలై 23కి ముందు, మూడేళ్లు దాటి ఉంచుకున్న బంగారం అమ్మితే కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీతో పెంచి, మిగిలిన లాభం మీద 20 శాతం వేసేవారు. ఆ రోజు నుంచి సూచీ పోయింది. రేటు పన్నెండున్నరకు దిగింది, గడువు రెండేళ్లకు తగ్గింది. ఆడిటరమ్మ పాత పద్ధతిలోనూ లెక్క వేసి చూపించింది. 2001లో 100 ఉన్న సూచీ 2025–26కి 376. అంటే 30,000 కాస్తా 1,12,800 అవుతుంది. మిగిలిన 5,62,200 మీద 20 శాతం, సెస్సు కలిపితే దాదాపు 1,16,900. కొత్త పద్ధతే ముప్పై మూడు వేలు తక్కువ! ధరల సూచీ నాలుగింతలు కాకముందే బంగారం ఇరవై రెండింతలైంది కాబట్టి ఇలా వచ్చింది. ముత్తవ్వల నాటి నగలున్నవాళ్లకు 2024 మార్పు నష్టం చేయలేదు. 2012 ప్రాంతంలో ధర మండుతున్నప్పుడు మజూరీ, తరుగు అన్నీ పోసి కొన్నవాళ్లకు మాత్రం సూచీ ఉంటేనే కాస్త మేలుగా ఉండేది.

"సరే, రేటు సంగతి వదిలెయ్," అంది టీచరమ్మ. ఆవిడ అసలు వాదన అప్పుడు మొదలైంది. "నా పాత స్కూటరు అమ్మాను, పన్ను లేదు. సోఫా, ఫ్రిజ్, పట్టుచీరలు అమ్మినా లేదు. ఒంటి మీద ముప్పై ఏళ్లు వేసుకున్న నగ మాత్రం సొంత వాడకం సామాను కాదా?"

ఒకప్పుడు అదీ ఆ లెక్కలోనే ఉండేది. సొంత వాడకపు వస్తువుల జాబితాలోంచి నగలను 1972 ఫైనాన్స్ చట్టం తప్పించింది. బంగారం, వెండి, ప్లాటినం నగలు, రాళ్లు పొదిగినవి, చివరికి బట్టల మీద కుట్టినవి కూడా ఆస్తులే అయ్యాయి. "ఎందుకో ఆలోచించు," అంది ఆడిటరమ్మ. "పాత సోఫా లాభానికి ఎవరూ అమ్మరు. నగను ఎప్పుడైనా కరిగించి కడ్డీ చెయ్యొచ్చు. నగకు పన్ను లేదంటే, కిలోలకొద్దీ కొనగలిగినవాళ్లు రేపటినుంచి బిస్కెట్లు మాని లావుపాటి గొలుసులు చేయించుకుంటారు. నీ కాసులపేరుకు తెరిచిన తలుపులోంచి వాళ్లంతా దూరతారు."

ఈ మాటకు టీచరమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నగ మీద లాభానికి పన్నే ఉండకూడదన్న వాదన ఇక్కడ కూలిపోతుంది.

కానీ ఆవిడ ఇంకో వైపునుంచి వచ్చింది. "12 లక్షల దాకా పన్ను లేదని ప్రభుత్వమే చెప్పిందిగా? నా పెన్షను, ఈ లాభం కలిపినా 12 లక్షలు కాలేదు."

ఆడిటరమ్మ గొంతు కాస్త తగ్గింది. కొత్త విధానంలో 12 లక్షల దాకా లేదన్నది రిబేటు వల్ల. ప్రత్యేక రేటున్న లాభాలకు ఆ రిబేటు తగలదు, నగల లాభం వాటిలోదే. టీచరమ్మ ఏడాది పెన్షను 4,80,000. అందులో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే 4,05,000. దాని మీద పడే నామమాత్రపు పన్ను రిబేటులో మాఫీ. నగ మీది 83,850లో ఒక్క రూపాయీ మాఫీ కాదు.

"అదే ఏ ఆదాయమూ లేని ఇల్లాలైతే," అంటూ మరో లెక్క చెప్పింది. దేశంలో నివసించేవారికి ఇతర ఆదాయం 4 లక్షల కనీస పరిమితికి ఎంత తక్కువుంటే, అంత మేరకు ఈ లాభంలోంచి తీసేయవచ్చు. ఇదే నగను అలాంటి ఆవిడ తన పుట్టింటి సొత్తుగా అమ్మితే పన్ను పడేది 2,45,000 మీదే, మొత్తం 31,850. సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో అమ్మితే రెండు ఆర్థిక సంవత్సరాల్లోకి చీలి, ఏ ఏడాదీ లాభం 4 లక్షలు దాటదు. పన్ను సున్నా. ఇందులో దొంగతనమేమీ లేదు, చట్టం ఇచ్చిన వెసులుబాటే. అమెరికాలో స్థిరపడిన కూతురు ఇక్కడికొచ్చి తన నగ అమ్మితే మాత్రం ఇది వర్తించదు.

"మరి నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పడం నేరమైందన్నమాట," అంది టీచరమ్మ. నవ్వుతూనే అంది కానీ ఆ మాటలో నవ్వు లేదు.

ఇంకో రెండు సంగతులు ఆవిడ పక్షాన ఉన్నాయి. అవి ఆడిటరమ్మే ఒప్పుకుంది. షేర్లు అమ్మినవాళ్లకూ దీర్ఘకాలిక లాభం మీద పన్నెండున్నర శాతమే, కానీ ఏటా మొదటి 1,25,000 లాభానికి పన్ను లేదు. నగలకు అలాంటి కనీస మినహాయింపు లేదు. ఇక ప్రభుత్వమే 2015 నుంచి అమ్మిన సావరిన్ గోల్డ్ బాండ్లను జారీలోనే కొని ఎనిమిదేళ్ల గడువు దాకా ఉంచుకున్న వ్యక్తికి, బంగారం ధర పెరగడం వల్ల వచ్చిన లాభమంతా పన్ను లేకుండా చేతికొస్తుంది. అదే లోహం, అదే ధర. కాగితం మీద ఉంటే సున్నా, మెళ్లో ఉంటే 83,850. దిగుమతులు తగ్గించాలని బాండ్లకు ఆ రాయితీ ఇచ్చారు, ఆ కారణంలో అర్థం ఉంది. అయితే 1984లో పెళ్లి చేసుకున్న మనిషికి బాండు ఎక్కడ దొరుకుతుంది?

నగ అమ్మిన మొత్తం డబ్బుతో షరతుల ప్రకారం ఇల్లు కొన్నా, కట్టినా ఈ పన్ను లేదు. ఆసుపత్రి బిల్లు కడితే లేదనడానికి వీల్లేదు. ఇల్లు కట్టుకునేవాళ్లు తీరిగ్గా అమ్ముతారు, ఆసుపత్రి మెట్ల మీద నిలబడ్డవాళ్లు ఆ రోజు ధరకు అమ్ముతారు. నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచింది ఇదే.

"ఐదొందల గ్రాముల దాకా ఆడవాళ్ల నగ జోలికి రారంటారుగా?" అని టీచరమ్మ చివరి అస్త్రం తీసింది. అది 1994 మే 11 నాటి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆదేశం. సోదాలప్పుడు పెళ్లైన స్త్రీ దగ్గర 500, పెళ్లికాని స్త్రీ దగ్గర 250, పురుషుడి దగ్గర 100 గ్రాముల దాకా నగలను స్వాధీనం చేసుకోవద్దని అధికారులకు చెప్పింది. అమ్మకం లాభానికి దానికీ ఏ సంబంధమూ లేదు. "పోనీ ఆ 500 గ్రాములకే మినహాయింపు ఇవ్వమను," అందావిడ. "నువ్వు అమ్మిన ధరకే నలభై ఐదు లక్షలు. అది మామూలు సంసారమా?" అని ఆడిటరమ్మ కొట్టిపారేసింది. ఇందులో నేను ఆడిటరమ్మ పక్షం.

మాటల్లో మాటగా టీచరమ్మ కోడలి సంగతి వచ్చింది. ఆవిడ పాత గాజులిచ్చి, పైన కొంత కట్టి, కొత్త గాజులు తెచ్చుకుంది. చేతికి రూపాయి రాలేదు కాబట్టి పన్ను లేదనుకుంది. దుకాణంలో మార్పిడి కూడా చట్టం దృష్టిలో అమ్మకం లాంటి బదిలీయే, పాత గాజుల ధర మేరకు లాభం లెక్కకు వస్తుంది. తన బంగారాన్నే కంసాలికిచ్చి కరిగించి తిరిగి చేయించుకుంటే బదిలీ కాదు. తాకట్టు పెట్టినా కాదు. అప్పు తీర్చలేక తాకట్టు నగ వేలానికి పోతే మాత్రం, ఆ లాభం పోగొట్టుకున్న మనిషి ఖాతాలోనే పడుతుంది.

పన్ను ఉండాలి, దానికి అడుగున ఒక గీత కూడా ఉండాలి. షేర్లకిచ్చిన 1,25,000 మినహాయింపును రెండేళ్లు దాటిన సొంత నగలకూ వర్తింపజేస్తే కిలోలు పోగేసినవాడికి ఒరిగేదేమీ ఉండదు. టీచరమ్మకు 16,250 మిగులుతుంది. వైద్య ఖర్చుకు అమ్మినప్పుడు, బిల్లు చూపిన మేరకు ఇల్లు కొన్నవారికిచ్చే రాయితీనే ఇస్తే మరీ మంచిది. ఆర్థిక శాఖ వచ్చే బడ్జెట్‌లో ఈ రెండిటినీ పరిశీలించాలి.

ఈలోగా నగ అమ్మినవారు దుకాణం ఇచ్చిన కొనుగోలు చీటీ, 2001 నాటి విలువ సర్టిఫికెట్టు, నగ ఎవరినుంచి వచ్చిందో చూపే పెళ్లి ఫొటోనో వీలునామానో దాచుకోండి. పెన్షనర్లు ఏటా వేసే ఒకటో నంబరు రిటర్ను ఫారం ఇందుకు పనికిరాదు, రెండో నంబరుది వేయాలి. టీచరమ్మ ఆ ఫారం మీద సంతకం పెట్టింది, 83,850 కట్టేసింది.